గ్రూప్ ఫోటోను పెయింటింగ్‌లా మార్చినా ఎవరి మొహం వాళ్లకే ఉండాలంటే

ప్రశ్న: మాది గుంటూరు. మా పెదనాన్న షష్టిపూర్తి ఫోటోలో పద్నాలుగు మందిమి ఉన్నాం. దాన్ని వాటర్ కలర్ బొమ్మలా చేసి ఫ్రేమ్ కట్టించి ఇద్దామని ఇంట్లో కంప్యూటర్లో బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్ పెట్టుకుని కూర్చున్నా. చీరలు, మండపం, అరటి చెట్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి. మొహాల దగ్గరే తంటా. వెనక వరసలో వాళ్లంతా ఒకే తల్లి పిల్లల్లా ఉన్నారు. అమ్మా పిన్నీ చెంపకి చెంప ఆనించి నిలబడ్డారు, వాళ్ల మొహాలైతే కలిసిపోయాయి. మొహాలు బాగుచేసే ADetailer పెడితే మొహం శుభ్రంగా వస్తోంది గానీ మనిషి మారిపోతున్నాడు. ఎలా?

సమాధానం:

ముందు పని చెప్పేస్తా, కారణాలు తర్వాత. మొత్తం ఫోటోని ఒకసారి బొమ్మగా మార్చాక, అందులో వచ్చిన మొహాలని బాగుచెయ్యాలని చూడకండి. వాటిని వదిలెయ్యండి. అసలు ఫోటోలోని మొహాలని కత్తిరించి, ఆ బొమ్మ మీద ఎక్కడివక్కడ అతికించి, అప్పుడు ఒక్కో మొహాన్నీ విడిగా, పెద్దది చేసి, తక్కువ బలంతో రంగులోకి మార్చుకోండి. పద్నాలుగు మొహాలుంటే పద్నాలుగు సార్లు. దీనికి అడ్డదారి నాకైతే దొరకలేదు.

నాకు విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాం. 2025 మార్చి, ఏప్రిల్‌లో ఆ జపాన్ కార్టూన్ బొమ్మల పిచ్చి వచ్చాక ఇలాంటి ఆర్డర్లు కూడా వస్తున్నాయి. ఇద్దరు ముగ్గురున్న ఫోటోకి ఏ పద్ధతైనా నడిచిపోతుంది. ఆరుగురు దాటితే అసలు కథ మొదలవుతుంది.

ఎందుకంటే, మీ కెమెరా ఫోటో 6000 × 4000 పిక్సెళ్లున్నా మోడల్ దాన్ని ఆ సైజులో చూడదు. మనం 1200 × 800కి కుదించి ఇస్తాం. అంటే ఐదో వంతు. అది చాలదన్నట్టు, మోడల్ పని మొదలెట్టే ముందు ఆ బొమ్మని ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా కుదించుకుంటుంది. ఎనిమిది పొడవు, ఎనిమిది వెడల్పు ఉన్న ఒక్కో గడికి నాలుగంటే నాలుగే అంకెలు. ఇప్పుడు వెనక వరసలో మనిషిని తీసుకోండి. అసలు ఫోటోలో ఆయన మొహం నుదుటి నుంచి గడ్డం దాకా 240 పిక్సెళ్లు ఉందనుకుందాం. కుదిస్తే 48. గళ్లలో చెప్పుకుంటే ఆరు. కన్ను వెడల్పు మొహంలో సుమారు ఐదో వంతు కాబట్టి, ఆయన కన్ను మొత్తం ఒక్క గడిలో ఇరుక్కుంటుంది. ఆరు చుక్కల ముగ్గేసి అందులో నెమలిని చూపించమంటే ఎట్లా చూపిస్తాం? మోడల్ కూడా అంతే. ఆ ఆరు గళ్లలో తనకి అలవాటైన సగటు మొహం ఒకటి గీసి పెడుతుంది. వెనక వరసంతా అన్నదమ్ముల్లా కనపడటానికి కారణం ఇదే. ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహాలు పెద్దవి కాబట్టి వాళ్లు కాస్త నయం.

మీ ADetailer సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అది మొహాలని వెతికి, పెద్దవి చేసి, మళ్లీ గీస్తుంది. కానీ అది పట్టుకునేది ఎప్పటి మొహాన్ని? మొదటి పాస్‌లో పోలిక పోయిన మొహాన్ని. పోయినదాన్ని అది ఎక్కడి నుంచి తేగలదు? అందుకే శుభ్రంగా, కొత్తగా, వేరే మనిషిని తయారుచేసి ఇస్తుంది. టూల్‌లో తప్పు లేదు, దానికి మనం అందించే సరుకులో ఉంది. GFPGAN, CodeFormer లాంటి మొహం బాగుచేసేవీ ఇంతే. ఈ పనిలో వాటిని ఆపెయ్యండి.

ఇక చేసే విధానం. ఆ మధ్య గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక కుటుంబం రిటైర్మెంట్ ఫంక్షన్ ఫోటో ఇచ్చారు. పదిహేడు మంది, మూడు వరసలు, అడుగున ఇద్దరు పిల్లలు. దాంతోనే చెప్తాను.

మొదటి పాస్‌లో నేను మొహాల గురించి పట్టించుకోను. ఫోటోని 1200 × 800కి కుదించి `img2img`లో పెట్టి, ఫోటోని ఎంత మార్చాలో చెప్పే బలం, అంటే `Denoising strength`, 0.55 దగ్గర, ఫోటోలోని గీతలు కదలకుండా పట్టి ఉంచే లైన్ఆర్ట్ కంట్రోల్‌నెట్ తోడుగా పెట్టి నడుపుతాను. ఇక్కడ ఒకటే చూసుకోవాలి: తలలు, భుజాలు అసలు ఫోటోలో ఎక్కడున్నాయో బొమ్మలోనూ అక్కడే ఉండాలి. తల నాలుగు పిక్సెళ్లు పక్కకి జరిగినా తర్వాత అతికించేటప్పుడు మెడ దగ్గర తేడా కొడుతుంది. తలలు జరుగుతుంటే కంట్రోల్‌నెట్ వెయిట్ పెంచండి, స్ట్రెంగ్త్ తగ్గించండి. నచ్చిన బొమ్మ వచ్చాక దాన్ని నాలుగింతలు పెంచితే 4800 × 3200 అవుతుంది. అంగుళానికి 200 చొప్పున 16 × 24 అంగుళాల ఫ్రేమ్‌కి అది సరిపోతుంది.

తర్వాత అసలు ఫోటోని కూడా సరిగ్గా 4800 × 3200కి తెచ్చి, ఫోటోషాప్‌లో బొమ్మ మీద ఇంకో లేయర్‌గా పెడతాను. దానికి మాస్క్ వేసి మొహాలు తప్ప మిగతాదంతా కప్పేస్తాను. మొహమంటే కళ్లు, ముక్కు, నోరే కాదు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత, చెవులు, గడ్డం కింది నీడ దాకా. మనవాళ్లని గుర్తుపట్టడంలో జుట్టు గీతకి చాలా వాటా ఉంది. బట్టతల పెద్దాయనకి రెండు వేళ్ల జుట్టు ఎక్కువ పెట్టి చూడండి, ఇంట్లోవాళ్లే తడబడతారు. ఈ దశలో బొమ్మ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. వాటర్ కలర్ ఒంటి మీద ఫోటో తలలు, తిరునాళ్లలో బోర్డు వెనక నిలబడి తల బయటపెట్టి తీయించుకున్న ఫోటోలా. కంగారుపడకండి. దాన్ని PNGగానే సేవ్ చెయ్యండి. JPGగా పదిహేడు సార్లు సేవ్ చేస్తే చర్మం మీద మచ్చలు తేలతాయి.

ఇప్పుడు `Inpaint`కి వెళ్లి ఒక మొహానికి మాస్క్ వెయ్యాలి. `Masked content` దగ్గర `original`, `Inpaint area` దగ్గర `Only masked`, సైజు 1024 × 1024, `Only masked padding, pixels` 64 దగ్గర. ఈ `Only masked` అన్నదే పనికి ఆయువుపట్టు. అది ఆ మొహం చుట్టూ ఉన్న ముక్కని మాత్రమే తీసుకుని 1024కి పెంచి గీసి, మళ్లీ కుదించి దాని చోట దాన్ని పెడుతుంది. ఇందాకటి వెనక వరస మొహం 4800 వెడల్పు బొమ్మలో 192 పిక్సెళ్లు. చుట్టూ ఖాళీతో కలిపి సుమారు 384 పిక్సెళ్ల ముక్క అవుతుంది. అది 1024కి పెరిగితే మొహం 512, అంటే 64 గళ్లు. ఆరు గళ్లెక్కడ, అరవై నాలుగెక్కడ. ఇప్పుడు కనురెప్ప మడతకీ, పెదవి వంపుకీ చోటుంది.

స్ట్రెంగ్త్ నేను 0.35తో మొదలుపెట్టి 0.45 దాటనివ్వను. లైన్ఆర్ట్ కూడా కలిపితే 0.5 దాకా తట్టుకుంటుంది. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. కింద అసలు ఫోటో లేయర్, పైన కొత్త మొహం పెట్టి, పై లేయర్ కన్ను గుర్తుని టకటకా ఆర్పి వెలిగించండి. రంగు, కుంచె గీత మారడం మామూలే. కనుబొమ్మకీ కంటికీ మధ్య ఖాళీ, ముక్కు రంధ్రాల వెడల్పు, దవడ మలుపు, ఈ మూడింటిలో ఏది కదిలినా పోలిక జారుతున్నట్టే. నా అనుభవంలో ముందు జారేది కనుబొమ్మ. మోడల్ దాన్ని కాస్త పైకెత్తి విల్లులా వంచుతుంది.

చెంపకి చెంప ఆనించిన జంట. మీ అమ్మా పిన్నీ లాంటి కేసే నాకు ఈ పదిహేడు మందిలో పడింది. ఇంటి ఆడపడుచు, కోడలు. మొదటిసారి నేను తొందరపడి ఇద్దరినీ ఒకే మాస్క్‌లో కలిపి నడిపాను. ఇద్దరూ కవలల్లా వచ్చారు. ఫైల్ పంపితే ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేసి, "బాబూ, మా కోడలేది? మా అమ్మాయిని రెండు సార్లు వేశావే!" అంది. నవ్వుతూనే అందనుకోండి, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

కలిసిపోవడానికి అసలు కారణం అంచు లేకపోవడం. ఇద్దరి చర్మం రంగూ దగ్గర దగ్గరగా ఉండి, ఎదురుగా ఫ్లాష్ పడితే, చెంపలు ఆనిన చోట వెలుగులో తేడా ఉండదు. మన కంటికి అక్కడ ఇద్దరు మనుషులు తెలుస్తారు, గీతలు వెతికే కంట్రోల్‌నెట్‌కి తెలియదు. దాని ప్రివ్యూ తెరిచి చూడండి. రెండు మొహాల మధ్య గీత లేకుండా తెల్లగానో నల్లగానో ఖాళీగా ఉందంటే, అక్కడ మోడల్ రెండు చెంపల్ని ఒకే ముద్దగా పూసేస్తుంది.

మందు చిన్నదే. పనికి ముందు, అసలు ఫోటో కాపీలో, ఫోటోషాప్ బర్న్ టూల్‌తో కుదించాక కూడా కనపడేంత కుంచె తీసుకుని, రెండు చెంపలు కలిసే గీత వెంబడి ఒకటి రెండు సార్లు నల్లబరచండి. చెవి దగ్గర నుంచి దవడ దాకా. పెన్నుతో గీసినట్టు వద్దు, అక్కడ నిజంగా పడాల్సిన నీడలా ఉండాలి. మళ్లీ ప్రివ్యూ చూస్తే గీత వచ్చి ఉంటుంది. ఆ నల్లబరిచిన ఫోటోతోనే మొదటి పాస్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

మాస్క్ ఒకసారి ఒక్కరికే. అమ్మకి వేసేటప్పుడు పిన్ని మొహం మీదికి మాస్క్ ఒక్క పిక్సెల్ కూడా పోకూడదు. చేత్తో బ్రౌజర్‌లో వేస్తే ఇది కుదరదు. ఫోటోషాప్‌లో పెన్ టూల్‌తో చెంప గీత వెంబడి మాస్క్ తయారుచేసి `Inpaint upload`లో ఇవ్వండి. `Mask blur` మామూలుగా 8 పెట్టే నేను ఇలాంటి చోట 2కి దించుతాను. లేదంటే ఆ మసక అంచులోంచే పక్కవాళ్ల రంగు ఇటు పాకుతుంది. ఒళ్లో పసిపిల్లలున్న ఫోటోలకీ ఇదే పద్ధతి. అక్కడ బిడ్డ తల, తల్లి గడ్డం అంటుకుంటాయి. బిడ్డకి స్ట్రెంగ్త్ 0.3 దాటించకండి, మోడల్ పసిపిల్లలకి ఇట్టే ఐదేళ్లు పెంచేస్తుంది.

మాటలు కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. మొత్తం బొమ్మకి ఇచ్చే ప్రాంప్ట్‌లో కళ్లద్దాలు, మీసం, బొట్టు అని రాయొద్దు. ఆ మాట ఏ మొహానికి చెందుతుందో మోడల్ గట్టిగా పట్టుకోలేదు, బొమ్మంతా చల్లేస్తుంది. కళ్లద్దాలని రాస్తే పదిహేడు మందిలో ఎనిమిది మందికి తగిలించిన రోజు నాకు గుర్తే. ఆ మాటలన్నీ ఆ ఒక్క మొహం చేసేటప్పుడే రాయండి.

ADetailerలో `[SEP]` పెట్టి ఒక్కో మొహానికి ఒక్కో ప్రాంప్ట్ ఇవ్వొచ్చని, ఎడమ నుంచి కుడికి వరస పెట్టొచ్చని మీరు చదివే ఉంటారు. నేనూ అలా చేసి దెబ్బతిన్నాను. పక్కకి తిరిగిన పిల్లాడి మొహాన్ని అది పట్టుకోలేదు. దాంతో అక్కడి నుంచి ప్రాంప్ట్‌లన్నీ ఒక్కో మనిషి చొప్పున జరిగిపోయి, బాబాయి మీసం అత్తయ్యకి చేరింది. మీ ఫోటోలో వరసలు కూడా ఉన్నాయి కదా. ఎడమ నుంచి కుడికి అంటే అది వరసలని చూడదు, ముందు వరసలో మనిషి తర్వాత వెనక వరసలో మనిషి, అలా కలగాపులగంగా లెక్కపెడుతుంది. నలుగురైదుగురికి సరే, పద్నాలుగు మందికి చేత్తో చేసుకోవడమే మేలు. ఫోటో ప్రింట్ తీసి మొహాల మీద పెన్నుతో నంబర్లేసుకోండి. పక్కన కాగితం మీద ఎవరికి ఏం రాయాలో రాసుకోండి: 3, అరవై ఐదేళ్ల ఆవిడ, గుండ్రటి బొట్టు, ముక్కుపుడక కుడి వైపు. ముక్కుపుడక ఏ వైపో తప్పకుండా రాసుకోండి, మోడల్‌కి ఎటైనా ఒకటే, ఇంట్లో ఆడవాళ్లకి కాదు.

వయసు రాయకపోతే పెద్దవాళ్ల ముడతలు మాయమవుతాయి. రాస్తే ఒక్కోసారి మరీ ఎక్కువ పడతాయి. అప్పుడు వయసు తగ్గించి రాయడం కన్నా స్ట్రెంగ్త్ తగ్గించడమే నయం, ఎందుకంటే నిజం ముడతలు అతికించిన ఫోటోలోనే ఉన్నాయి. చర్మం రంగు కూడా గమనించండి. వాటర్ కలర్ శైలులు మనవాళ్లని తెల్లగా చేసేస్తాయి. చామనచాయ మనిషి పాలమీగడలా వస్తే పోలిక సగం పోయినట్టే. మొహం గీసి ముగించాక రంగు మాత్రం అసలు ఫోటో లేయర్ నుంచి, ఫోటోషాప్‌లో కలర్ బ్లెండ్ మోడ్‌లో 40, 50 శాతం కలుపుతాను. గీత కుంచెది, చాయ మనిషిది.

ఒక ఫోటో నుంచి మొహం పోలిక తీసుకునే ఐపీ-అడాప్టర్ ఫేస్‌ఐడీ, ఇన్‌స్టంట్‌ఐడీ లాంటివి వాడొచ్చుగా అని ఎవరైనా అడుగుతారు. అవి ఒక మనిషి కొత్త బొమ్మకి బాగుంటాయి. గ్రూప్‌లో మాస్క్ లేకుండా వాడితే ఒక్కరి పోలిక బొమ్మలో అన్ని మొహాలకీ అంటుతుంది, మనం వదిలించుకోవాలన్న రోగమే మళ్లీ తగులుకుంటుంది. మీ దగ్గర అసలు మొహం ఉండనే ఉంది, దాన్ని కొద్దిగా మారిస్తే చాలు.

శైలి విషయంలో ఒక హద్దు ఉంది, అది ముందే ఒప్పుకోవాలి. శైలి ఎంత మోటుగా ఉంటే పోలిక అంత తక్కువ నిలుస్తుంది. ఒకాయన కొండపల్లి బొమ్మల్లా కావాలన్నాడు. మనూరి పక్క కళ కదా, నాకూ ముచ్చటేసింది. కానీ కొండపల్లి బొమ్మ మొహంలో ఉండేవేమిటి? నున్నటి పొణికి చెక్క మీద రంగు, పెద్ద కళ్లు, సన్నటి నోరు. మొహంలో వ్యక్తి తేడా చూపించడానికి ఆ శైలిలో చోటే లేదు. మొహానికీ అదే బలం పెడితే అందరూ ఒకే కొట్టులో కొన్న బొమ్మల్లా వస్తారు. చివరికి ఒళ్లు, బట్టలు 0.6లో బొమ్మల్లా చేసి, మొహాలకి, ఆ శైలిని మోడల్‌కి నేర్పే చిన్న ఫైల్ లోరా వెయిట్ 0.8 నుంచి 0.4కి దించి, స్ట్రెంగ్త్ 0.35లో ఆపాను. పూర్తి కొండపల్లి కాలేదు, కానీ ఎవరెవరో తెలిసింది. మీ వాటర్ కలర్‌కి ఈ బాధ చాలా తక్కువ. లోరా వాడుతుంటే మాత్రం మొహాల దగ్గర దాన్ని సగానికి దించండి. లోరా నేర్చుకున్న బొమ్మల్లో ఉన్న ముక్కునే అందరికీ పెడుతుంది.

పోలిక నిలిచిందా లేదా అన్నది మీరు చెప్పలేరు. రెండు రోజులు ఆ మొహాలనే చూసిన కంటికి అన్నీ బాగానే కనపడతాయి. నేను చేసే పరీక్ష ఇది. ప్రతి మొహాన్నీ చీర, నగలు, పక్కనున్న మనిషి కనపడకుండా బిగువుగా కత్తిరించి, వరస తారుమారు చేసి, నంబర్లేసి, ఫోటోలో లేని బంధువుకి వాట్సాప్‌లో పంపుతాను. ఎవరెవరో చెప్పమంటాను. చీర రంగు, నిలబడ్డ చోటు చూసి గుర్తుపట్టడం వేరు, మొహం చూసి గుర్తుపట్టడం వేరు. పదిహేడులో పదిహేను వెంటనే వచ్చాయి. తప్పిన రెండూ వెనక వరసలో అన్నదమ్ములు, ఒకరికొకరు తారుమారు. పక్కపక్కన పెట్టి చూస్తే, చిన్నాయన కింది పెదవి లావుగా ఉండాల్సింది మామూలుగా వచ్చింది. ఆయన ఒక్కడినే 0.3లో మళ్లీ చేస్తే సరిపోయింది.

అన్నీ అయ్యాక మెడల దగ్గర చిన్న తేడా మిగులుతుంది: ఒళ్లంతా నీటిరంగు పారినట్టు, మొహం కొంచెం బిగుసుకున్నట్టు. అది చూసి, మొత్తం బొమ్మని చివరిగా ఇంకొక్కసారి తక్కువ బలంతో నడిపితే కలిసిపోతుందేమో అనిపిస్తుంది. నడపకండి. మళ్లీ వెనక వరస ఆరు గళ్లకే చేరుతుంది, చేసిందంతా గంగలో కలుస్తుంది. ముక్కలుగా నడిపే అప్‌స్కేలర్ కూడా వద్దు, ముక్కల అంచు సరిగ్గా ఎవరి ముక్కు మీదుగానో పోతుంది. గరుకు డ్రాయింగ్ కాగితాన్ని స్కాన్ చేసి, మల్టిప్లై మోడ్‌లో మొత్తం బొమ్మ మీద 20 శాతం దగ్గర పరవండి. మొహానికీ ఒంటికీ ఒకే కాగితం కనపడితే కన్ను రెండింటినీ ఒకటిగానే తీసుకుంటుంది. మెడ గీత ఇంకా కనపడితే ఆ సన్నటి పట్టీకి మాత్రం మాస్క్ వేసి 0.5లో ఒకసారి తిప్పండి, గడ్డం తగలకుండా.

నాకు 12 జీబీ కార్డు మీద ఒక్కో మొహానికి నాలుగైదు ప్రయత్నాలు, మాస్కులతో కలిపి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. మీ పద్నాలుగు మందికి రెండు సాయంత్రాలు పెట్టుకోండి. అమ్మా పిన్నీతోనే మొదలెట్టండి. ఆ చెంప గీత దగ్గర మొదటి పాస్ నుంచి మళ్లీ చెయ్యాల్సి వస్తే, మిగతా పన్నెండూ చేసేశాక తెలిసినా లాభం లేదు.